ఒక్కో ట్రేడ్‌లో ఎంత రిస్క్ పెట్టాలి: కెల్లీ లెక్క, అందులో పావు వంతే ఎందుకు

ఏ షేరు కొనాలి, స్టాప్ లాస్ ఎక్కడ పెట్టాలి అని అడిగేవాళ్లు విశాఖలో ఏ బ్రోకర్ ఆఫీసుకు వెళ్లినా కనిపిస్తారు. ఎన్ని షేర్లు కొనాలి అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. అందరూ ఆ సంఖ్యను చేతికి వచ్చినట్టు వేసేస్తారు. లాభం ఇచ్చే పద్ధతి ఉన్నవాళ్లు కూడా ఖాతా ఖాళీ చేసుకునేది చాలాసార్లు అక్కడే. ఈ వ్యాసం ఆ ఒక్క సంఖ్య గురించే. మీ పాత ట్రేడ్ల నుంచి గెలుపు రేటును, గెలుపు పరిమాణాన్ని కొలిచి, వాటి నుంచి ఒక్కో ట్రేడ్‌లో పెట్టగలిగే రిస్క్ ఎంతో లెక్కగట్టి, ఆ లెక్కలో కొంత భాగమే ఎందుకు వాడాలో చూద్దాం.

ఉదాహరణగా గాజువాకలో ఉండే ఒక పరిచయస్తుడి ట్రేడ్ల పట్టికను తీసుకుంటున్నాను. ఆయన క్యాష్ సెగ్మెంట్‌లో షేర్లు కొని కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా ఉంచుతారు. ట్రేడింగ్ కోసం విడిగా పెట్టుకున్న డబ్బు 5 లక్షలు. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి అంకెలను కొంచెం గుండ్రం చేశాను.

ముందే ఒక మాట. ఈ లెక్క లాభదాయకమైన పద్ధతికి సైజు చెబుతుంది, నష్టం వచ్చే పద్ధతిని లాభంలోకి తేలేదు. క్రికెట్ బెట్టింగ్ యాప్‌లలో రేట్లు నడిపేవాడికే లాభం ఉండేలా కడతారు కాబట్టి అక్కడ ఈ లెక్క ఇచ్చే జవాబు సున్నా, లేదా అంతకంటే తక్కువ. పైగా మన రాష్ట్రంలో ఆన్‌లైన్ బెట్టింగ్‌ను 2020లోనే నిషేధించారు. ఇక్కడ పందెం అన్నప్పుడల్లా స్టాప్ లాస్ ఉన్న ఒక ట్రేడ్ అనే అర్థం.

## మొదటి అడుగు: ప్రతి ట్రేడ్‌ను ఒకే కొలతలోకి తేవడం

లాభనష్టాలను రూపాయల్లో సగటు తీస్తే తప్పుదారి పడతాం. ఒక ట్రేడ్ లక్ష పెట్టి చేసి ఉంటారు, ఇంకోటి ఇరవై వేలతో. కాబట్టి ప్రతి ట్రేడ్‌ను, దానిలోకి దిగేటప్పుడు ఒప్పుకున్న నష్టంతో పోల్చి కొలవాలి. ట్రేడర్లు దీన్ని ‘ఆర్’ అంటారు.

640 రూపాయలకు కొని 608 దగ్గర స్టాప్ లాస్ పెట్టారనుకుందాం. షేరుకు 32 రూపాయలు ఒప్పుకున్న నష్టం, అదే 1 ఆర్. 704 దగ్గర అమ్మితే షేరుకు 64 లాభం, అంటే 2 ఆర్. 608 దగ్గర స్టాప్ తగిలితే మైనస్ 1 ఆర్. పొద్దున్నే షేరు గ్యాప్ డౌన్ అయి 560 దగ్గర తెరుచుకుంటే మీ స్టాప్ 608 దగ్గర ఉన్నా అమ్మకం జరిగేది 560 దగ్గరే. అది మైనస్ 2.5 ఆర్.

ఇందులో ఖర్చులు కలపడం మరిచిపోకూడదు. డెలివరీ ట్రేడ్‌లో కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం ఎస్‌టీటీ పడుతుంది. పై ట్రేడ్‌లో షేరుకు 640 పెట్టి 32 రిస్క్ తీసుకుంటున్నాం కాబట్టి, రానూ పోనూ ఎస్‌టీటీ ఒక్కటే దాదాపు 0.04 ఆర్ అవుతుంది. వినడానికి చిన్నదే. కానీ మన ఉదాహరణలో ఒక్కో ట్రేడ్‌కు మిగిలే సగటు లాభం 0.17 ఆర్ మాత్రమే. ఖర్చులు తీయకుండా కొలిస్తే అందులో నాలుగో వంతు దాకా లేని లాభాన్ని ఉందనుకుంటాం. బ్రోకరేజీ, స్టాంప్ డ్యూటీ, డీపీ ఛార్జీలు దీనికి అదనం. కాంట్రాక్ట్ నోట్ చూసి నికరంగా చేతికి వచ్చిన మొత్తాన్నే రాయండి.

పట్టిక రాసేటప్పుడు జరిగే పొరపాట్లలో రెండు మాత్రం లెక్కను పూర్తిగా పాడు చేస్తాయి. స్టాప్‌ను మధ్యలో కిందికి జరిపి, కొత్త స్టాప్ ప్రకారం ఆర్ లెక్కేయడం ఒకటి. ఆర్ అంటే ట్రేడ్‌లోకి దిగిన క్షణంలో ఒప్పుకున్న నష్టం, ఆ తరువాత అది మారదు. రెండోది, ‘ఆ రోజు మూడ్ బాలేక చేసిన ట్రేడ్, అది లెక్కలోకి రాదు’ అని నష్టపు ట్రేడ్లను తీసేయడం. మూడ్ బాలేని రోజులు రేపు కూడా ఉంటాయి. అవి పట్టికలో ఉండాల్సిందే. ఇంట్రాడే ట్రేడ్లను, వారాలపాటు ఉంచే ట్రేడ్లను మాత్రం వేర్వేరు పట్టికల్లో పెట్టండి. అవి రెండు వేర్వేరు పద్ధతులు.

## రెండో అడుగు: గెలుపు రేటు, చెల్లింపు నిష్పత్తి

మన పరిచయస్తుడి పట్టికలో 120 ట్రేడ్లున్నాయి. అందులో 54 లాభం, 66 నష్టం. గెలుపు రేటు 45 శాతం. లాభం వచ్చిన ట్రేడ్ల సగటు 1.6 ఆర్, నష్టం వచ్చిన ట్రేడ్ల సగటు 1 ఆర్. సగటు లాభాన్ని సగటు నష్టంతో భాగిస్తే వచ్చే 1.6 చెల్లింపు నిష్పత్తి.

సగం కంటే ఎక్కువసార్లు ఓడిపోతున్నా ఇది లాభదాయకమైన పద్ధతే. 0.45ను 1.6తో గుణిస్తే 0.72, అందులోంచి 0.55 తీసేస్తే 0.17. ఒక్కో ట్రేడ్‌కు సగటున 0.17 ఆర్ మిగులుతోంది. ట్రేడర్ల భాషలో ఇది ఆయన ఎడ్జ్.

గెలుపు రేటు ఎంతకు పడిపోతే ఈ ఎడ్జ్ మాయమవుతుందో కూడా ఇప్పుడే చూసి పెట్టుకోండి. 1ని, చెల్లింపు నిష్పత్తికి 1 కలిపిన సంఖ్యతో భాగించాలి. ఇక్కడ 1 భాగం 2.6, అంటే 38.5 శాతం. 45కీ 38.5కీ మధ్య దూరం ఆరున్నర శాతమే. ఈ దూరం తరువాత చాలా పనికొస్తుంది.

## మూడో అడుగు: గరిష్ఠ వృద్ధి ఇచ్చే భాగం

బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ఈ సూత్రాన్ని ప్రచురించారు. టెలిఫోన్ లైన్‌లో వచ్చే సమాచారంలో తప్పులు దొర్లుతుంటే, ఆ సమాచారం ముందే అందే జూదగాడు తన డబ్బులో ఎంత భాగం కాయాలి అన్నది ఆయన వేసుకున్న ప్రశ్న. తరువాత గణిత ఆచార్యుడు ఎడ్వర్డ్ థార్ప్ దీన్ని బ్లాక్‌జాక్‌లోనూ ఆపై స్టాక్ మార్కెట్‌లోనూ వాడి చూపించారు.

సూత్రం ఇది:

```
f = p - q / b

p = గెలుపు రేటు
q = 1 - p
b = చెల్లింపు నిష్పత్తి
```

మన అంకెలు వేస్తే 0.45 లోంచి, 0.55ను 1.6తో భాగించగా వచ్చే 0.344 తీసేయాలి. జవాబు 0.106. అంటే ప్రతి ట్రేడ్‌లో అప్పటికున్న మొత్తం డబ్బులో 10.6 శాతం రిస్క్ చేయమంటోంది. ఇది స్టాప్ తగిలితే పోయే మొత్తం, షేర్లలో పెట్టే మొత్తం కాదు. ఈ తేడాను చాలామంది తికమక పడతారు.

ఎందుకు 10.6? ట్రేడింగ్‌లో డబ్బు కూడికతో కాదు, గుణకారంతో పెరుగుతుంది. వందకు 50 శాతం లాభం వస్తే 150, ఆపైన 50 శాతం నష్టం వస్తే 75. సగటు శాతం సున్నా, చేతిలో మాత్రం పాతిక తక్కువ. పందెం పెద్దదయ్యేకొద్దీ ఈ తరుగు పందెం కంటే వేగంగా పెరుగుతుంది. కెల్లీ భాగం అనేది లాభం వల్ల వచ్చే పెరుగుదలలోంచి ఈ తరుగు పోగా మిగిలేది అత్యధికంగా ఉండే చోటు.

మన పద్ధతి కొలిచినట్టే నిజంగా 45 శాతం గెలిచి, 1.6 చెల్లిస్తుందనుకుని, 100 ట్రేడ్ల తరువాత లక్ష రూపాయలు మామూలుగా ఎంత అవుతుందో చూడండి:

| ఒక్కో ట్రేడ్‌లో రిస్క్ | 100 ట్రేడ్ల తరువాత లక్ష |
|---|---|
| 2.7% (పావు కెల్లీ) | 1.48 లక్షలు |
| 5.3% (సగం కెల్లీ) | 1.95 లక్షలు |
| 10.6% (పూర్తి కెల్లీ) | 2.43 లక్షలు |
| 16% (ఒకటిన్నర రెట్లు) | 1.96 లక్షలు |
| 21% (రెండు రెట్లు) | 1.03 లక్షలు |
| 32% (మూడు రెట్లు) | దాదాపు 7,700 రూపాయలు |

మామూలుగా అన్నానంటే, వందలో 45 గెలిచి 55 ఓడిన దారి అని అర్థం. నిజజీవితంలో కొందరికి ఇంతకంటే ఎక్కువ, కొందరికి తక్కువ వస్తుంది.

ఈ పట్టిక దగ్గర కాసేపు ఆగాలి. 5.3 శాతం పెట్టినవాడికీ 16 శాతం పెట్టినవాడికీ చివర మిగిలేది దాదాపు ఒకటే. కానీ రెండోవాడు దారి పొడవునా మూడు రెట్ల ఊగిసలాటను భరించాడు, దానికి ప్రతిఫలంగా ఏమీ రాలేదు. రెండు రెట్ల దగ్గర, లాభదాయకమైన పద్ధతి చేతిలో ఉండి కూడా వంద ట్రేడ్లు ఊరికే చేసినట్టయింది. మూడు రెట్ల దగ్గర అదే పద్ధతి ఖాతాను తుడిచిపెట్టింది. ఇటువైపు చూస్తే, పందెం సగానికి తగ్గించినవాడు వృద్ధి వేగంలో పోగొట్టుకున్నది నాలుగో వంతు మాత్రమే.

అంటే తక్కువ పెట్టి చేసే తప్పుకు చిన్న జరిమానా, ఎక్కువ పెట్టి చేసే తప్పుకు పెద్ద జరిమానా. పావు వంతు వాదన మొత్తం ఈ తేడా మీదే నిలబడింది. ఇక తేలాల్సింది ఒక్కటే: మన 10.6 సరైన సంఖ్య అని ఎంత నమ్మకంగా చెప్పగలం?

## నాలుగో అడుగు: సగటులు దాచిన వాటిని బయటికి తీయడం

ఆ సూత్రం ప్రతి గెలుపూ సరిగ్గా 1.6 ఆర్, ప్రతి ఓటమీ సరిగ్గా 1 ఆర్ అనుకుంటుంది. అసలు పట్టిక అలా ఉండదు. మన పరిచయస్తుడి 66 నష్టాల్లో 60 దాకా 0.85 ఆర్ దగ్గర ఉన్నాయి. మిగతా ఆరు గ్యాప్ డౌన్ రోజులవి, ఒక్కోటి 2.5 ఆర్. లాభాల్లో 30 ట్రేడ్లు 0.8 ఆర్, 18 ట్రేడ్లు 1.8 ఆర్, ఆరు ట్రేడ్లు 5 ఆర్. సగటులు చూస్తే పైన చెప్పినవే, 1.6, 1.

ఇలాంటి పట్టికకు సూత్రం బదులు ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్‌లో నేరుగా లెక్క చేయాలి. B కాలమ్‌లో B2 నుంచి 120 ట్రేడ్ల ఆర్ విలువలు వేయండి. E1 లో ఒక భాగం వేయండి, ఉదాహరణకు 0.05. C2 లో కింది మొదటి ఫార్ములా వేసి 121వ వరుస దాకా లాగండి. E2 లో రెండో ఫార్ములా వేయండి:

```
=LN(1+$E$1*B2)
=AVERAGE(C2:C121)
```

E2 లో కనిపించేది ఒక్కో ట్రేడ్‌కు వృద్ధి రేటు. ఇప్పుడు E1 లో 0.05, 0.06, 0.07 ఇలా మారుస్తూ E2 ఎక్కడ అత్యధికంగా ఉందో చూడండి. C కాలమ్‌లో ఎక్కడైనా #NUM! వచ్చిందంటే ఆ సైజులో ఆ ఒక్క ట్రేడ్ మీ ఖాతా మొత్తాన్ని మింగేసేది అని అర్థం.

ఈ పట్టికకు శిఖరం 0.075 దగ్గర వస్తుంది. సూత్రం 10.6 అంది, అసలు ట్రేడ్లు 7.5 అంటున్నాయి. అవే 120 ట్రేడ్లు, అవే సగటులు. తేడా మొత్తం ఆరు పెద్ద నష్టాల నుంచీ ఆరు పెద్ద లాభాల నుంచీ వచ్చింది. పెద్ద నష్టాలు పందేన్ని కిందికి లాగడం సహజంగానే అనిపిస్తుంది. లాభం అంతా కొద్ది ట్రేడ్లలో గుమిగూడి ఉన్నా పందెం తగ్గాల్సిందే, ఎందుకంటే ఆ కొద్ది ట్రేడ్లు వచ్చేలోపు చిన్న నష్టాల వరుసను తట్టుకుని నిలబడాలి.

మీ పట్టికలో ఇంకా కనబడని నష్టం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. 2024 జూన్ 4న ఓట్ల లెక్కింపు రోజు నిఫ్టీ ఒక్కరోజులో దాదాపు 6 శాతం పడింది. అలాంటి రోజు మీ 120 ట్రేడ్ల కాలంలో రాకపోయి ఉండవచ్చు. అందుకే నేను పట్టిక చివర, ఎప్పుడూ జరగకపోయినా, మైనస్ 4 ఆర్ ట్రేడ్‌ను ఒకటి B122 లో చేర్చి, C ఫార్ములాను 122వ వరుస దాకా లాగి, E2 లో C121ను C122గా మార్చి మళ్లీ చూడమంటాను. శిఖరం ఇంకాస్త కిందికి దిగుతుంది.

## ఐదో అడుగు: గెలుపు రేటును ఎంత నమ్మాలి

అసలు చిక్కు ఇక్కడే ఉంది, దీన్నే ఎక్కువమంది దాటేస్తారు. 45 శాతం అనేది మీ పద్ధతి నిజమైన గెలుపు రేటు కాదు. 120 ట్రేడ్లలో కనిపించిన గెలుపు రేటు.

గెలుపు రేటును ఓటమి రేటుతో గుణించి, ట్రేడ్ల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీస్తే ఆ కొలతలో ఎంత ఊగిసలాట ఉందో తెలుస్తుంది. 0.45ను 0.55తో గుణించి, 120తో భాగించి, వర్గమూలం తీస్తే 0.045. అంటే నిజమైన రేటు 40.5 శాతం అయినా 49.5 శాతం అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అసలు ఏ ఎడ్జూ లేని, సరిగ్గా 38.5 శాతమే గెలిచే పద్ధతి కూడా నూటికి ఎనిమిది సార్లు 120లో 54 లేదా అంతకంటే ఎక్కువ గెలుపులు చూపించగలదు.

ఇప్పుడు నిజమైన రేటు 40.5 అనుకుందాం. అంటే మన కొలతకు కేవలం నాలుగున్నర శాతం తక్కువ. పై సూత్రం ప్రకారమే సరైన పందెం 10.6 కాదు, 3.3 శాతం. ఇది తెలియక 10.6 పెడుతూ పోయారంటే సరైనదానికి మూడు రెట్లకు మించి పెడుతున్నట్టు. వంద ట్రేడ్ల తరువాత లక్ష రూపాయలు మామూలుగా 72 వేలవుతుంది. సగం కెల్లీ పెట్టి ఉంటే లక్షా 6 వేలు. పావు కెల్లీ పెట్టి ఉంటే లక్షా 9 వేలు. గెలుపు రేటు కొద్దిగా తగ్గేసరికి వరుస తలకిందులైంది, అందరికంటే తక్కువ పెట్టినవాడే ముందున్నాడు.

మొదటి పట్టికతో దీన్ని పక్కపక్కన పెట్టి చూడండి. కొలత సరైనదే అయితే పావు కెల్లీ వాడికి 1.48 లక్షలు, పూర్తి కెల్లీ వాడికి 2.43. కొలత కొంచెం ఎక్కువగా పడి ఉంటే పావు వాడికి 1.09, పూర్తి వాడికి 0.72. మొదటి సందర్భంలో పావు వాడు వదులుకున్నది లాభంలో వాటా. రెండో సందర్భంలో పూర్తి వాడు పోగొట్టుకున్నది అసలు.

కొలత తప్పు ఎక్కువసార్లు పైవైపే పడడానికి కారణం కూడా ఉంది. పది పద్ధతులు ప్రయత్నించి, అందులో బాగా పనిచేసిన దాన్ని ఎంచుకుంటాం. ఆ ఎంపికలో అదృష్టం వాటా కలిసిపోతుంది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024లో చెప్పింది. వాళ్లలోనూ చాలామందికి ఏదో ఒక దశలో మంచి రికార్డు కనిపించే ఉంటుంది.

ఎక్కువ ట్రేడ్లు చేస్తే ఊగిసలాట తగ్గుతుంది, కానీ నెమ్మదిగా. దాన్ని సగం చేయాలంటే ట్రేడ్లు నాలుగు రెట్లు కావాలి, అంటే 480. అప్పటికి మార్కెట్ స్వభావమే మారిపోయి ఉండవచ్చు. పూర్తి నమ్మకం వచ్చాక పూర్తి కెల్లీ పెడదాం అనేది అందుకే కుదరని మాట.

## ఆరో అడుగు: మనిషి ఎంత పతనాన్ని తట్టుకోగలడు

కొలత నూటికి నూరు పాళ్లు సరైనదే అనుకున్నా పూర్తి కెల్లీ దారి చాలా కఠినం. చిన్న చిన్న పందేలు అనేకం పెట్టే సందర్భానికి ఒక ప్రసిద్ధ ఫలితం ఉంది: పూర్తి కెల్లీతో మొదలుపెట్టినవాడి డబ్బు ఎప్పుడో ఒకప్పుడు మొదటి మొత్తంలో సగానికి పడిపోయే అవకాశం రెండింట ఒకటి. సగం కెల్లీతో అది ఎనిమిదింట ఒకటి. పావు కెల్లీతో 128లో ఒకటి.

వరుస నష్టాలతో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 55 శాతం ఓడే పద్ధతిలో, 300 ట్రేడ్లలో ఎక్కడో ఒకచోట వరుసగా ఎనిమిది నష్టాలు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులు. అది పద్ధతి పాడైందనడానికి గుర్తు కాదు, మామూలే. ఆ ఎనిమిది వచ్చినప్పుడు 10.6 శాతం పెడుతున్నవాడి 5 లక్షలు రెండు లక్షల మూడు వేలకు దిగుతాయి. సగం పెట్టేవాడికి 3.23 లక్షలు, పావు పెట్టేవాడికి 4.03 లక్షలు మిగులుతాయి.

రెండు లక్షలకు దిగిన ఖాతా చూసుకుంటూ తొమ్మిదో ట్రేడ్‌ను అదే క్రమశిక్షణతో చేసేవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. టెన్షన్‌లో మంచి సిగ్నల్ వదిలేస్తారు, లేదా పోయింది రాబట్టాలని రెట్టింపు పెడతారు. రెండింట్లో ఏది చేసినా పట్టికలో కొలిచిన పద్ధతి అక్కడితో ఆగిపోయినట్టే. ఆ తరువాత నడిచేది వేరే పద్ధతి, దాని గెలుపు రేటు ఎవరూ కొలవలేదు.

## ఏడో అడుగు: భాగం నుంచి షేర్ల సంఖ్య దాకా

షీటులో వచ్చిన 7.5 శాతాన్ని తీసుకుని నాలుగుతో భాగిస్తే 1.9 శాతం. 200 ట్రేడ్ల లోపు రికార్డున్నవాళ్లు దాన్ని ఇంకా కిందికి, 1.5 శాతానికి దించుకోవాలన్నది నా అభిప్రాయం. మన పరిచయస్తుడు అక్కడే ఆగారు. మొదట్లో ఆయనకు 10.6 చూపించినప్పుడు, ‘అంటే ఒక్క ట్రేడ్‌లో యాభై వేలు పోవచ్చన్నమాటే కదా గురూ’ అన్నారు. లెక్క చేయకముందే ఆయన మనసు సరైన జవాబు దగ్గర ఉంది.

5 లక్షల్లో 1.5 శాతం అంటే 7,500. షేరుకు రిస్క్ 32 రూపాయలు. 7,500ను 32తో భాగిస్తే 234 షేర్లు. 640 చొప్పున దాదాపు లక్షన్నర పెట్టుబడి. స్టాప్ తగిలితే పోయేది 7,500. గ్యాప్ డౌన్ అయి 560 దగ్గర తెరుచుకుంటే 18,720, ఖాతాలో 3.7 శాతం. బాధగా ఉంటుంది, కానీ మరుసటి రోజు పని నడుస్తుంది.

అదే 10.6 శాతం పెట్టాలంటే 1,660 షేర్లు, దాదాపు 10.6 లక్షల పెట్టుబడి కావాలి. ఖాతాలో ఉన్నది 5 లక్షలు. అంటే మార్జిన్‌తో అప్పు తీసుకోవాలి, వడ్డీ కట్టాలి, అదే గ్యాప్ డౌన్ రోజున లక్షా 32 వేలు ఒక్క ఉదయంలో పోతాయి.

ఖాతా మొత్తం అంటే ఏది? ట్రేడింగ్ కోసం విడిగా పెట్టి, పూర్తిగా పోయినా ఇల్లు నడిచే డబ్బు మాత్రమే. పీఎఫ్, చిట్టీ పాట డబ్బు, పిల్లల ఫీజుకు దాచింది ఇందులో కలపకూడదు.

## ఎనిమిదో అడుగు: ఒకేసారి చాలా ట్రేడ్లున్నప్పుడు

పై లెక్క అంతా ఒక ట్రేడ్ ముగిశాక ఇంకోటి అన్నట్టు సాగింది. నిజానికి నాలుగైదు ట్రేడ్లు ఒకేసారి నడుస్తుంటాయి. అవి కలిసి పడేవైతే, కాగితం మీద నాలుగు పందేలు ఉన్నా ఆడుతున్నది ఒక్క పెద్ద పందెమే.

మన తీరం మనుషులకు దీనికి దగ్గరి ఉదాహరణ రొయ్యల షేర్లు. అవంతి ఫీడ్స్, కోస్టల్ కార్పొరేషన్, అపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ మూడు వేర్వేరు కంపెనీలే. కానీ అమెరికాకు వెళ్లే రొయ్య మీద వాటి బతుకు ఆధారపడి ఉంటుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఈ రంగం షేర్ల మీద ఒకేసారి దెబ్బ పడింది. ఒక్కోదానిలో 1.5 శాతం చొప్పున పెట్టినవాడు తెలియకుండానే 4.5 శాతం ఒకే పందెంలో పెట్టినట్టు.

కాబట్టి ఒకే కారణంతో పడగల షేర్లన్నిటికీ కలిపి ఒక్క ట్రేడ్ కోటానే ఇవ్వండి. మూడు రొయ్యల షేర్లుంటే ఒక్కోదానికి అర శాతం. వేర్వేరు రంగాలైనా మార్కెట్ మొత్తం పడే రోజు అన్నీ కలుస్తాయి. అందుకని ఏ సమయంలోనైనా తెరిచి ఉన్న ట్రేడ్ల రిస్క్ మొత్తం కలిపి సగం కెల్లీ, మన ఉదాహరణలో 3.7 శాతం, దాటకుండా చూసుకోవాలి. అప్పటికే స్టాప్‌ను కొన్న ధరకు పైకి జరిపిన ట్రేడ్లను ఈ మొత్తంలో కలపనక్కర్లేదంటారు కొందరు. గ్యాప్ డౌన్‌కు ఆ స్టాప్ కూడా అడ్డు కాదు కాబట్టి నేను వాటిని సగం లెక్కలో ఉంచుతాను.

## తొమ్మిదో అడుగు: ఎప్పుడు తిరిగి లెక్కేయాలి

డబ్బు మొత్తాన్ని ప్రతి ట్రేడ్‌కూ తాజాగా తీసుకోండి. 5 లక్షలు 4.6 లక్షలైతే 1.5 శాతం 6,900 అవుతుంది. నష్టాల్లో ఉన్నప్పుడు పందెం దానంతటదే చిన్నదవుతుంది, లాభాల్లో పెద్దదవుతుంది. తగ్గుతున్న ఖాతాతో పాత 7,500 పట్టుకుని ఉంటే శాతం మీకు తెలియకుండా పెరుగుతూ పోతుంది.

గెలుపు రేటును, చెల్లింపు నిష్పత్తిని మాత్రం ప్రతి ట్రేడ్‌కూ మార్చకండి. నాలుగు గెలిచాక పెంచడం, నాలుగు ఓడాక తగ్గించడం అంటే ఊగిసలాటను వెంటాడడమే. యాభై అరవై ట్రేడ్లకు ఒకసారి పాతవాటితో కలిపి మొత్తం పట్టిక మీద షీటు నడపండి. శిఖరం సున్నా దగ్గరికి జారితే ట్రేడ్లు ఆపి, పద్ధతినే మళ్లీ చూడాలి. సైజు తగ్గించినంత మాత్రాన లేని ఎడ్జ్ రాదు.

మన పరిచయస్తుడు ఆ తరువాత మరో 60 ట్రేడ్లు చేశారు. అందులో 25 గెలుపులు. మొత్తం 180లో 79, అంటే గెలుపు రేటు 43.9కి దిగింది. చెల్లింపు నిష్పత్తి కూడా 1.5కి తగ్గింది. మొదటి సూత్రంతోనే చూస్తే 10.6 కాస్తా 6.5 అయింది. దానిలో పావు 1.6. ఆయన పెడుతున్న 1.5 ఇంకా దాని లోపలే ఉంది కాబట్టి సైజు మార్చకుండా అలాగే కొనసాగించారు. 10.6తో మొదలుపెట్టి ఉంటే ఈపాటికి సరైనదానికి ఒకటిన్నర రెట్లకు మించి పెడుతూ ఉండేవారు.